పంచమం నిలుస్తుంది, ప్రతిమధ్యమం లాగుతుంది

కచేరీకి ముందు తంబురా శ్రుతి చేయడం ఎప్పుడైనా గమనించారా? దానికి ఉన్నవి నాలుగు తీగలు. వాటిలో మూడింటిని షడ్జానికే కడతారు: రెండు మధ్యస్థాయి సకి, ఒకటి మంద్రస్థాయి సకి. మిగిలిన ఒక్క తీగను మంద్ర పంచమానికి కడతారు. ఏడు స్వరాలలో సకి జోడీగా కచేరీ పొడవునా మోగే భాగ్యం మామూలుగా పకే దక్కుతుంది. ఇప్పుడు ఆ ప తీగ బిరడను కాస్త వదులు చేయండి. హార్మోనియం మీద ఒకే ఒక్క మెట్టు ఎంతో అంత కిందికి దించండి. అది ప్రతిమధ్యమం అవుతుంది. తీగ అదే, చెక్క అదే, మీటే వేలూ అదే. కానీ ఇంతసేపూ గదిని నింపిన నిండుతనం ఒక్కసారిగా పోతుంది. వినేవాళ్ళకు సంగీతం తెలియకపోయినా ఏదో సర్దుకోలేదని, ఎవరో వచ్చి సరిచేస్తే బాగుండునని అనిపిస్తుంది. ఒక్క మెట్టు తేడాకు ఇంత మార్పు ఎందుకు రావాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు దూరం కొలవడం నేర్చుకుందాం. రెండు స్వరాల మధ్య ఎడాన్ని స్వరాంతరం అంటారు. దాన్ని కంటితో చూడాలంటే హార్మోనియం గానీ కీబోర్డు గానీ చాలు. ఏదో ఒక మెట్టును స అనుకోండి. అక్కడినుంచి కుడివైపుకు తెల్లవీ నల్లవీ దేన్నీ వదలకుండా లెక్కపెడుతూ పోండి. ఐదో మెట్టు శుద్ధమధ్యమం, ఆరోది ప్రతిమధ్యమం, ఏడోది పంచమం, పన్నెండోది తారస్థాయి షడ్జం. స నుంచి ప వరకు ఉన్న ఏడు మెట్ల దూరాన్ని పాశ్చాత్య సంగీతంలో ఫిఫ్త్ అంటారు. ఆరు మెట్ల దూరం పేరు ట్రైటోన్. రెండేసి మెట్ల అడుగులు మూడు వేస్తే అక్కడికి చేరతాం కాబట్టి ఆ పేరు.

ఈ లెక్కలో ముఖ్యమైన విషయం ఒకటుంది. స ఎక్కడ పెట్టుకున్నా ఫలితం మారదు. ఒకటి శ్రుతిలో పాడే మగ గొంతుకు పంచమం ఎలా వినిపిస్తుందో, ఐదు శ్రుతిలో పాడే ఆడ గొంతుకూ అలాగే వినిపిస్తుంది. రెండు గొంతుల కంపనాల సంఖ్యలు వేరు వేరే అయినా దూరం ఒకటే అనిపించడానికి కారణం, మన చెవి స్వరాల మధ్య తీసివేత చేయదు, భాగహారం చేస్తుంది. స సెకనుకు 240 సార్లు కంపిస్తే ప 360 సార్లు కంపిస్తుంది. స 200 అయితే ప 300. రెండు చోట్లా తేడాలు వేరు, నిష్పత్తి మాత్రం 3:2. తారస్థాయి స ఎప్పుడూ 2:1, శుద్ధమధ్యమం 4:3. ఈ వ్యాసంలో లెక్క తేలిగ్గా ఉండడానికి స 240 అనే పెట్టుకుందాం.

వీణ ఉన్నవాళ్ళు దీన్ని టేపుతో కొలిచి చూసుకోవచ్చు. మోగే తీగ పొడవు 90 సెంటీమీటర్లు అనుకోండి. పంచమం మెట్టు మీద నొక్కితే గుర్రం వరకు మిగిలే తీగ దాదాపు 60 సెంటీమీటర్లు, అంటే మూడింట రెండు వంతులు. ఒక మెట్టు వెనక్కి జరిగి ప్రతిమధ్యమం నొక్కితే మిగిలేది దాదాపు 63 సెంటీమీటర్ల 6 మిల్లీమీటర్లు. 90కీ 60కీ ఉన్న పొందిక 90కీ 63.6కీ లేదు. ఆ నిష్పత్తిని చిన్న అంకెలలో చెప్పబోతే 7:5 దగ్గర్లో ఉందనాలి, శాస్త్రం ప్రకారం లెక్కగడితే 45:32 అనాలి. కీబోర్డు తయారుచేసేవాళ్ళయితే స్థాయిని సరిగ్గా మధ్యకు కోస్తారు గనుక అది రెండు వర్గమూలం అవుతుంది, అంటే ఏ రెండు పూర్ణాంకాల నిష్పత్తిగానూ రాయలేని సంఖ్య.

చాలా పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. చిన్న అంకెల నిష్పత్తి ఇంపు, పెద్ద అంకెల నిష్పత్తి కటువు అని తేల్చేస్తాయి. ఆ మాట నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. చెవి అంకెలు చదవదు కదా. 3:2 అన్న సంగతి చెవికి ఎలా తెలుస్తుంది? గాలిలో వచ్చే ఏ గుర్తును బట్టి అది పంచమాన్ని పోల్చుకుంటుంది?

జవాబు తీగలోనే ఉంది. తీగ ఒక్క కంపనంతో మోగదు. స తీగ మీటితే 240తో పాటు దానికి రెట్టింపు 480, మూడు రెట్లు 720, నాలుగు రెట్లు 960, ఆపైన 1200, 1440 ఇలా ఒకదాని వెంట ఒకటి, అన్నీ ఒకేసారి కంపిస్తాయి. వీటిని అనుస్వరాలంటారు. మనకు అన్నీ కలిసి ఒకే స్వరంగా వినిపిస్తాయి గానీ లోపల ఇంత పరివారం ఉంటుంది. వీణ తీగను ఒక చివర నుంచి సరిగ్గా మూడో వంతు దగ్గర తాకీ తాకనట్టు వేలు ఆనించి మీటండి. మిగతావి చాలావరకు అణగిపోయి మూడో అనుస్వరం ఒంటరిగా, సన్నగా పలుకుతుంది. అది తారస్థాయి పంచమం! అంటే షడ్జం లోపలే పంచమం ఉంది. ఎవరూ కట్టకుండానే ఉంది. తంబురాలో మంద్ర స తీగను ఒక్కదాన్నే మీటి శ్రద్ధగా వింటే ప వినిపిస్తుందని గురువులు చెప్పేది ఊహ కాదు. ఆ తీగ 120 దగ్గర కంపిస్తుంటే దాని మూడో అనుస్వరం 360. అలాగే ఐదో అనుస్వరం 600, అది అంతరగాంధారం. మన విద్వాంసులు స్వయంభూ గాంధారమని పిలుచుకునేది దాన్నే.

ఇప్పుడు స, ప రెంటినీ కలిపి మోగిద్దాం. స పరివారం 240, 480, 720, 960, 1200, 1440. ప పరివారం 360, 720, 1080, 1440. రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 720 రెంటిలోనూ ఉంది. 1440 కూడా ఉంది. పంచమం అనుస్వరాలలో ఒకటి విడిచి ఒకటి షడ్జం అనుస్వరాల మీదే వచ్చి కూర్చుంటోంది. మిగిలినవి, ఉదాహరణకు 1080, దాని ఇరుగుపొరుగులైన 960, 1200లకు తగినంత ఎడంగా నిలబడ్డాయి. కలిసినవి పూర్తిగా కలిశాయి, కలవనివి ఒకదాని దారికి మరొకటి అడ్డం రాలేదు. రెండు తీగలు మోగుతున్నా చెవికి ఒకే నిండు స్వరంలా అనిపించడానికి కారణం ఇదే.

ప్రతిమధ్యమం సంగతి చూద్దాం. కీబోర్డు మీద అది సుమారు 339. దాని అనుస్వరాలు 679, 1018, 1358 దగ్గర వస్తాయి. 720 పక్కన 679 వచ్చింది, కలవలేదు, 41 తేడాతో ఆగిపోయింది. 960కి 1018 చేరువైంది గానీ 58 తేడా మిగిలిపోయింది. 1440కి దిగువన 1358 ఉంది. కలిసిపోయేంత దగ్గరా కాదు, విడిగా నిలబడేంత దూరమూ కాదు. ఇరుకు వసారాలో ఇద్దరు మనుషులు భుజాలు రాసుకుంటూ నిలబడ్డట్టు ఉంటుంది ఆ రెండు అనుస్వరాల పరిస్థితి.

ఆ ఇరుకు ఎక్కడుంది? చెవి లోపలే ఉంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు కంపనాలు కలిస్తే శబ్దం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో విస్పందనాలు అని చదువుకున్నది దీన్నే. తేడా ఎంతో సెకనుకు అన్నిసార్లు ఆ ఊపు వస్తుంది. తేడా రెండో మూడో అయితే ఊపు మెల్లగా, వినసొంపుగా ఉంటుంది. ఇరవై దాటేసరికి ఊపులను విడివిడిగా లెక్కపెట్టలేం, శబ్దమే గరుకెక్కుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో అచ్చయిన తన గ్రంథంలో స్వరాల పొత్తుకూ పొరపొచ్చానికీ ఈ గరుకుతనమే మూలమని వివరించాడు. సెకనుకు ముప్పై, నలభై ఊపుల దగ్గర గరుకు బాగా తెలుస్తుందని అతని అంచనా. 1965లో ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు డచ్చి పరిశోధకులు దీన్ని సరిచేసి చూపించారు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు గొట్టం ఉంటుంది. దాని పొర మీద ఒక్కో చోటు ఒక్కో కంపనానికి స్పందిస్తుంది. రెండు కంపనాలు మరీ దగ్గరైతే ఆ పొర మీద ఇద్దరికీ ఒకటే చోటు దొరుకుతుంది, వాటిని చెవి విడదీయలేదు. 700 ప్రాంతంలో ఆ చోటు వెడల్పు సుమారు 140. అందులో నాలుగో వంతు తేడా ఉన్నప్పుడు గరుకు అత్యధికమని వాళ్ళు తేల్చారు. 140లో నాలుగో వంతు 35. ప్రతిమధ్యమం రెండో అనుస్వరానికీ షడ్జం మూడో అనుస్వరానికీ మధ్య తేడా 41. తగలకూడని చోటుకు దగ్గర్లోనే తగిలింది.

ఇదంతా కాగితం మీది లెక్క అనిపిస్తే, తంబురా శ్రుతి చేసేవారి చెవి ఏం వింటుందో గమనించండి. ప తీగ 180 దగ్గర ఉండాలి, కాస్త దిగి 179 దగ్గర ఉంది అనుకుందాం. ఒక్క కంపనం తేడా. విడిగా మీటితే ఎంత పెద్ద విద్వాంసుడైనా దాన్ని పసిగట్టడం కష్టం. కానీ స తీగతో కలిపి మీటినప్పుడు ప తీగ నాలుగో అనుస్వరం 716, స తీగ మూడో అనుస్వరం 720. తేడా నాలుగు. పైన ఎక్కడో సెకనుకు నాలుగుసార్లు వావ్ వావ్ అని శబ్దం ఊగుతుంది. శ్రుతి చేసే మనిషి వినేది ఆ ఊపునే. బిరడ తిప్పి దగ్గరికి తెస్తారు, ఆ తర్వాత గుర్రం కింద ఉన్న పూసను వెంట్రుకవాసి జరుపుతారు. ఊపు నాలుగు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి నెమ్మదిస్తుంది. చివరికి పూర్తిగా నిలిచిపోతుంది. శ్రుతి నిలిచింది అనేది అప్పుడే. పూస మరీ జరిగితే ఊపు మళ్ళీ మొదలవుతుంది, ఈసారి అవతలి వైపు నుంచి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. ఊపు ఉందని తెలుస్తుంది గానీ తీగ ఎక్కిందో దిగిందో తెలియదు. దానికి ఉపాయం సులభం: కావాలని కాస్త దించి, కిందినుంచి పైకి తెస్తూ ఊపు ఆగే చోటు వెతకడం.

ఈ పని తంబురాతో ఇంత స్పష్టంగా కుదరడానికి గుర్రం మీద తీగ కింద దూర్చే జీవాళి దారం ఒక కారణం. గుర్రం పైభాగం చదునుగా, కాస్త వంపుగా ఉంటుంది. దారం సరైన చోట కూర్చుంటే తీగ ఆ వంపును ఒరుసుకుంటూ మోగి అనుస్వరాలు గలగలా పైకి వస్తాయి. బాల్యం చాలావరకు విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ ఈ గుర్రం మీద ప్రత్యేకంగా పరిశోధన చేసి 1921లో ప్రచురించాడు. తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన అనుస్వరాలు వినిపించకూడదని అప్పటిదాకా ఉన్న సూత్రం. తంబురాలోనూ వీణలోనూ అవి కూడా బలంగా వినిపిస్తున్నాయని అతను చూపించాడు. పంచమం ఇంత కుదురుగా అనిపించడంలో మన వాద్యాల నిర్మాణానికీ వాటా ఉందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అనుస్వరాలు ఎంత బలంగా ఉంటే అవి కలవడమూ కలవకపోవడమూ అంత బాగా తెలుస్తాయి.

దీన్ని తిరగేసి పరీక్షించడమూ సాధ్యమే. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ ఉంటే అనుస్వరాలేవీ లేని శుద్ధమైన ఈల వంటి శబ్దాలు పుట్టించవచ్చు. 240, 339 రెంటినీ అలా మోగించి వినండి. రాసుకోవడానికి అనుస్వరాలు లేవు కాబట్టి గరుకు దాదాపు మాయమవుతుంది. ప్రతిమధ్యమం కొంచెం వింతగా ఉంటుందే తప్ప ముల్లులా గుచ్చుకోదు.

కీబోర్డు పంచమం గురించి కూడా ఒక మాట. పన్నెండు మెట్లనూ సమానంగా పంచడం వల్ల అందులో ప 360 కాదు, 359.6. అంటే 720 దగ్గర 719.2 పడుతుంది. సెకనుకు ఒకటి కూడా నిండని మెల్లని ఊపు. చాలామంది దీన్ని గమనించరు, తంబురాకు అలవాటుపడిన చెవి మాత్రం పట్టేస్తుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ప్రతిమధ్యమం బిగువుకు గరుకుతనమే కారణమని అనుకోవచ్చు. అయితే దానికి ఒక అడ్డంకి ఉంది. గరుకులో స్వరాలన్నిటికీ పోటీ పెడితే గెలిచేది ప్రతిమధ్యమం కాదు. స పక్కనే ఉన్న శుద్ధరిషభాన్ని సతో కలిపి నొక్కండి, అది చాలా ఎక్కువ గరుకు. మూల కంపనాలే 240, 254 అయి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అయినా ట్రైటోన్‌కు ఉన్న ఆ ప్రత్యేకమైన లాగుడు, ఎటో వెళ్ళాలన్న తపన వేరు. గరుకు ఒక శబ్దగుణం. బిగువులో దానితోపాటు ఎదురుచూపు ఉంది. ఎదురుచూడాలంటే ఎక్కడికి వెళ్ళాలో చెవికి ముందే తెలిసి ఉండాలి.

మన సంగీతంలో ఆ గమ్యాన్ని తంబురా చెబుతూనే ఉంటుంది. గాయని ప్రతిమధ్యమం మీద నిలిచినప్పుడు ఆమె గొంతు సతో మాత్రమే కలవడం లేదు, పక్కనే ప కూడా మోగుతోంది. మంద్ర ప తీగ రెండో అనుస్వరం 360. ఆమె గొంతు 339 దగ్గర. తేడా ఇరవై ఒకటి. సతో ఆరు మెట్ల దూరపు గరుకు, పతో ఒక్క మెట్టు దూరపు ఒరిపిడి, రెండూ ఒకేసారి. పైగా ఒక్క మెట్టు ఎక్కితే చాలు, రెండు బాధలూ ఒక్కసారే తీరిపోతాయి. ఇంత దగ్గరలో ఇంత పెద్ద ఊరట మరే స్వరానికీ లేదని నా అభిప్రాయం. సరళీ స్వరాలలో మాయామాళవగౌళ నేర్చినవారు శుద్ధమధ్యమం నుంచి పకి వెళ్ళడం అలవాటు చేసుకుంటారు, అది రెండు మెట్ల నింపాదైన అడుగు. అదే చెవితో కల్యాణిలో స, ప్రతిమధ్యమం, ప అని నిదానంగా పాడి చూస్తే, రెండో స్వరం మీద ఊపిరి బిగబట్టినట్టూ మూడో స్వరంలో వదిలినట్టూ తెలుస్తుంది.

కల్యాణి పాడే విద్వాంసులు ఈ లాగుడును ఎలా వాడుకుంటారో వినడం గొప్ప చదువు. అక్కడ ప్రతిమధ్యమాన్ని కర్రలా నిటారుగా నిలపరు. గమకంతో పంచమం వైపు ఊపుతారు, ఆ మధ్యమం పలుకులోనే ప వాసన వస్తుంది. ఒక్కోసారి పను అసలు తాకకుండా దాటేస్తారు: గ, మ, ద, ని అంటూ పైకి పోతారు. ఊరట పక్కనే ఉందని చెవికి తెలుసు, గొంతు అక్కడ దిగడం లేదు. కోరిక తీరకుండా సాగదీసిన ఆ కొన్ని క్షణాలే కల్యాణికి అంత వెలుగు తెస్తాయి. అందుకే బిగువు అన్న మాటను అపశ్రుతి అనే అర్థంలో తీసుకోకూడదు. 72 మేళకర్తలలో సరిగ్గా సగం, 36, ప్రతిమధ్యమ రాగాలు. మన పూర్వులు ఈ స్వరాన్ని దూరం పెట్టలేదు, సగం సామ్రాజ్యం దాని చేతిలో పెట్టారు.

సంగీతంలో ట్రైటోన్ దాక్కునే చోటు మరొకటి ఉంది. ప్రతిమధ్యమం లేని శంకరాభరణంలో కూడా అది ఉంది, శుద్ధమధ్యమానికీ కాకలినిషాదానికీ మధ్య. లెక్కపెట్టి చూడండి, ఆరు మెట్లే. ఆ రెంటినీ కలిపి నొక్కి ఆగండి. నిషాదం ఒక మెట్టు ఎక్కి సను చేరాలంటుంది, మధ్యమం ఒక మెట్టు దిగి అంతరగాంధారాన్ని చేరాలంటుంది. రెండు చివరలూ చెరో పక్కకు కదిలి గ, స అవుతాయి, చెవి కుదుటపడుతుంది. పాశ్చాత్య సంగీతంలో ముగింపులకు ఇదే ఇంధనం. సి స్కేలులో జి సెవెన్త్ అనే తీగల గుంపు, దాని వెంట సి మేజర్: గిటార్ పట్టిన ప్రతివారూ మొదట్లోనే నేర్చుకునే ఈ జంటలో జరిగేది ఇంతే. లెనార్డ్ బెర్న్‌స్టైన్ 1957 నాటి వెస్ట్ సైడ్ స్టోరీలో మరియా అనే పాటకు ఇదే కిటుకు వాడాడు. ఆ పేరులోని మూడు అక్షరాలను స, ప్రతిమధ్యమం, ప అనే వరసలో పెట్టాడు. ప్రేమలో పడిన కుర్రాడి తహతహ రెండో అక్షరం మీద ఉంటుంది.

ట్రైటోన్‌ను మధ్యయుగాలలో క్రైస్తవ చర్చి దెయ్యపు స్వరమని నిషేధించిందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. సంగీతంలో సైతాను అనే లాటిన్ పేరు దానికి ఉన్నమాట నిజం. అయితే ఆ పేరు రాతల్లో గట్టిగా కనిపించేది పద్దెనిమిదో శతాబ్దం నుంచే, చర్చి దాన్ని నిషేధించినట్టు ఆధారం లేదు. బృందగానంలో పలకడం కష్టం, పొత్తు కుదరదు అని దాన్ని తప్పించుకునే నియమాలు మాత్రం ఉండేవి. పేరు పడ్డాక స్వరకర్తలు దాన్ని సంబరంగా వాడుకున్నారు. ఫ్రాన్సుకు చెందిన సాంసాన్స్ 1874లో రాసిన దాన్స్ మకాబ్ర్‌లో మృత్యువు ఫిడేలు పట్టుకుని వస్తుంది. ఫిడేలు తీగల మధ్య మామూలుగా పంచమం దూరం ఉంటుంది. సాంసాన్స్ అందులో అన్నిటికంటే పై తీగను ఒక మెట్టు దించి కట్టమన్నాడు. ఆ దించిన తీగనూ దాని పక్క తీగనూ కలిపి వాయిస్తే ట్రైటోన్. మొదట్లో తంబురా మీద మనం చేసిన పనే మృత్యువు ఫిడేలు మీద జరిగిందన్నమాట.

ఇక ఈ ఇంపూ కటువూ ఎంతవరకు పుట్టుకతో వచ్చినవి, ఎంతవరకు అలవాటువి? భరతుడి నాట్యశాస్త్రం తొమ్మిది లేదా పదమూడు శ్రుతుల దూరంలో ఉన్న స్వరాలను సంవాదులని చెప్పింది. స, ప మధ్య దూరం పదమూడు, స, శుద్ధమధ్యమం మధ్య తొమ్మిది. గ్రీకులు కూడా తీగలు కొలిచి ఇవే జంటలను మేలైనవిగా ఎంచారు. సంబంధం లేనంత దూరంలో ఉన్న సంప్రదాయాలు ఒకే జంటలను ఎంచుకోవడానికి అనుస్వరాల కలయిక ఆధారమని నమ్మవచ్చు. కానీ 2016లో మెక్‌డెర్మట్, అతని సహచరులు నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన మనల్ని జాగ్రత్తపడమంటుంది. బొలీవియా అమెజాన్ అడవుల్లో ఉండే చిమానే ప్రజలకు ఇలా పొత్తు కుదిరిన జంటలనూ కుదరని జంటలనూ వినిపించారు. రెండూ వారికి సమానంగానే నచ్చాయి. గరుకు శబ్దం విషయంలో మాత్రం వారి స్పందన మిగతావారిలాగే ఉంది. వారి సంగీతంలో ఒకేసారి అనేక స్వరాలు కలిపి పాడే పద్ధతి లేదు. అంటే గరుకును పట్టే శక్తి చెవికి ఉంది గానీ, కలిసిన స్వరాలు ఇంపు, కలవనివి కటువు అనే తీర్పులో పెరిగిన సంగీతం వాటా పెద్దదే. తంబురా దగ్గర కూర్చుని పెరిగిన చెవికి పంచమం ఇల్లు. ఆ ఇల్లు కొంత తీగ కట్టింది, కొంత సాధన కట్టింది.

తీగ వంతుకు కూడా హద్దు ఉంది. పంచమం ఎక్కడ మోగినా నిండుగా ఉంటుందని అనుకోవద్దు. పియానో ఎడమ చివరన 60, 90 దగ్గర స, ప కలిపి నొక్కితే మురికిగా, గుడగుడలాడుతున్నట్టు ఉంటుంది. కింది స్వరాలలో చెవి విడదీయగల వెడల్పు సుమారు 100 ఉంటుంది, ఇక్కడ మూల స్వరాల తేడా 30 మాత్రమే. నిష్పత్తి 3:2 గానే ఉన్నా ఆ రెండు మూలస్వరాలే ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. బృందవాద్యాలకు స్వరం రాసేవాళ్ళు కింది స్థాయిలో స్వరాలను ఎడంగా పెట్టడానికి కారణం ఇదే.

పంచమమే లేని రాగాలలో ఏం జరుగుతుందో చూస్తే ఈ విషయమంతా మరో వైపు నుంచి తెలుస్తుంది. హిందుస్తానీలో మాల్కౌంస్ పాడేటప్పుడు ప తీగను శుద్ధమధ్యమానికి మార్చుకుంటారు. అది తేలిగ్గానే కుదురుతుంది, ఎందుకంటే ఆ మధ్యమం 320. దాని మూడో అనుస్వరం 960, స నాలుగో అనుస్వరం 960. కలయిక పంచమం అంత దట్టంగా ఉండదు గానీ పొందిక ఉంది. ప్రతిమధ్యమం ఉండి పంచమం లేని రాగాలకు ఆ వెసులుబాటు లేదు. మార్వాలో కొందరు ఆ తీగను నిషాదానికి కట్టుకోవడం ఉంది, ప్రతిమధ్యమానికి మాత్రం కట్టరు. మన హంసానంది, రంజని ఇలాంటివే. హంసానందిలో ప్రతిమధ్యమం మీద నిలిచిన గొంతుకు ఒక మెట్టు పైన ఊరట ఉండాల్సిన చోటు రాగంలో ఖాళీ. అందుకే పాట ఆ మధ్యమాన్ని దైవతంలోకి ఎగదోస్తుంది, లేదా కిందికి జార్చి గాంధారంలోకి తెస్తుంది. రెండూ పంచమం ఇచ్చినంత విశ్రాంతి ఇవ్వవు కాబట్టి రాగం కదులుతూనే ఉంటుంది, తారషడ్జం చేరేదాకా.